మట్టి శ్వాస 16 నుంచి 43కి పెరిగిందట, నమ్మొచ్చా?

మునుగోడు బత్తాయి
మాది ఐదెకరాల బత్తాయి తోట. ఎర్ర చలక, డ్రిప్పు. ఏప్రిల్ చివర్లో ఒక మందుల కంపెనీ అతను వచ్చి మట్టి తీసుకుపోయి "సాయిల్ రెస్పిరేషన్" టెస్టు చేయించాడు. రిపోర్టులో 16 అని వచ్చింది. మీ మట్టి చచ్చిపోయింది, జీవం లేదు అన్నాడు. వాళ్ల సూక్ష్మజీవుల ద్రావణం బెల్లం కలిపి డ్రమ్ములో పులియబెట్టి డ్రిప్పులో వదలమన్నాడు. జూన్, జులైలో మూడు విడతలు ఇచ్చాం, మూడెకరాలకే. ఆగస్టులో మళ్లీ మట్టి తీసుకుపోయాడు. ఈసారి 43. జీవం దాదాపు మూడింతలు అయింది, వచ్చే ఏడాదికి తోట మొత్తానికి ఇప్పుడే బుక్ చేసుకోండి అంటున్నాడు. ఆకులో, కాయలో నాకైతే పెద్ద తేడా కనిపించలేదు. మా నాయన మాత్రం అంకె చూసి మెత్తబడ్డాడు. ఈ అంకెను ఎంతవరకు నమ్మాలి?

దేవరకొండ దుబ్బ
పుస్తకంలో 43 వస్తే కాయలు ఏమైనా 43 ఎక్కువ కాస్తాయా అన్నా?

జడ్చర్ల పత్తి
ఎగతాళి వద్దు. మట్టిలో సూక్ష్మజీవులు శ్వాసిస్తే కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. ఎంత ఎక్కువ వస్తే అంత జీవం ఉన్నట్టు. టెస్టు సరైనదే, బయటి దేశాల్లో కూడా వాడతారు. 16 నుంచి 43 అంటే మందు పనిచేసినట్టే. నేనైతే బుక్ చేస్తా.

టైట్రేషన్ అక్క
టెస్టు సరైనదే, దాని నుంచి తీసిన అర్థమే తొందరపాటు. మునుగోడు తమ్ముడూ, ముందు మూడు సంగతులు చెప్పు. రిపోర్టులో 43 పక్కన ఏం రాసి ఉంది? రెండుసార్లూ మట్టి తోటలో ఎక్కడ నుంచి తీశాడు? మందు ఇవ్వని రెండెకరాల మట్టి కూడా తీశాడా?

మునుగోడు బత్తాయి
అక్కా, పక్కన "పీపీఎం, 24 గంటలు" అని ఉంది. ఏప్రిల్లో వరుసల మధ్య, ట్రాక్టర్ తిరిగే చోట తీశాడు. అప్పుడు పాదులు గట్టిగా ఉన్నాయి, గడ్డపార దిగలేదు. ఆగస్టులో చెట్టు కింద డ్రిప్పర్ల దగ్గర తీశాడు. మెత్తగా ఉంది కదా అని. రెండెకరాల మట్టి తీయలేదు.
ఇంకో మాట. జూన్ మొదట్లో పాదుల్లో పశువుల పెంట కూడా వేశాం. అది ప్రతి ఏడూ వేసేదే.

పాత పంతులు
అయిపోయింది. ఇక చెప్పేదేముంది.

దేవరకొండ దుబ్బ
పంతులు గారూ, మాలాంటి వాళ్లకు కూడా కొంచెం అయ్యేటట్టు చెప్పండి :)

టైట్రేషన్ అక్క
నేను చెబుతా. 24 గంటలు అని ఉందంటే ఇది మట్టిని ఎండబెట్టి, మళ్లీ తడిపి, ఆ మొదటి రోజు ఎంత కార్బన్ డై ఆక్సైడ్ వస్తుందో కొలిచే పద్ధతి. ఎండిన మట్టిని తడిపితే ఒక్కసారిగా గాలి ఎగదన్నుతుంది. తొలకరి రాత్రి చేల మీద వచ్చే వాసన అందరికీ తెలుసు కదా, దాదాపు అదే సమయంలో నేల నుంచి ఈ గాలి కూడా పెద్దఎత్తున బయటికొస్తుంది. బర్చ్ అనే ఆయన 1958లో దీని గురించి వివరంగా రాశాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎండినప్పుడు కొన్ని సూక్ష్మజీవులు చస్తాయి, వాటి కణాల్లోని సరుకు, మట్టి గడ్డల లోపల దాగిన సేంద్రియ పదార్థం తడి తగలగానే అందుబాటులోకి వస్తాయి. బతికి ఉన్నవి దాని మీద పడి తింటాయి. ఆ ఒక్కరోజు తిండే ఈ అంకె.

కాబట్టి 43 అనేది ఎన్ని సూక్ష్మజీవులున్నాయో చెప్పే లెక్క కాదు. ఆ రోజు, ఆ చోట, తేలికగా తినగలిగే తిండి ఎంత దొరికిందో చెప్పే లెక్క. డ్రిప్పర్ కింద పెంట, సన్నటి వేర్లు, తడి, ఆగస్టు నెల. వరుసల మధ్య ట్రాక్టర్ తొక్కిన నేల, వేసవి, చెట్టు వేరు లేదు, ఆకు లేదు. మందు చుక్క వేయకపోయినా ఈ రెండు చోట్లకూ తేడా రావాల్సిందే.

జడ్చర్ల పత్తి
రెండుసార్లూ ల్యాబులో ఎండబెట్టే కదా తడిపారు? అంటే రెండూ ఒకే స్థితికి వచ్చినట్టే. కాలం తేడా ఎట్లా వస్తుంది?

టైట్రేషన్ అక్క
తేమ సమానం అవుతుంది, గతం సమానం కాదు. ఏప్రిల్ మట్టి ఎప్పుడో ఎండి ఉంది. దాంట్లో మిగిలినవి ఎండను తట్టుకుని నిద్రపోతున్నవి. ఆగస్టు మట్టిలో మెత్తటి కణాలతో చురుగ్గా ఉన్నవి ఎక్కువ, ఎండబెడితే అవే ఎక్కువ చస్తాయి, తడపగానే అవే తిండి అవుతాయి. జల్లెడ సరిగా పట్టకపోతే సన్న వేర్ల ముక్కలు కూడా అదే సీసాలోకి పోతాయి. ఇందుకే ఏప్రిల్ అంకెను ఆగస్టు అంకె పక్కన పెట్టకూడదు. పోలిక ఎప్పుడూ ఒకే రోజు తీసిన రెండు మట్టిల మధ్యే పెట్టాలి.

మిర్యాల్ వరి
మా దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద వరి. మడిలో నడిస్తే బుడగలు వస్తాయి. అది కూడా మట్టి శ్వాసేనా? అయితే మా నేల మహా ఆరోగ్యంగా ఉన్నట్టే :)

పాత పంతులు
ఆ బుడగల్లో మీథేన్ ఎక్కువ. గాలి అందని బురదలో పుట్టేది. దాన్ని ఈ టెస్టుతో కలపవద్దు.

మిర్యాల్ వరి
అంటే బాగున్నట్టా బాగాలేనట్టా?

పాత పంతులు
నీళ్లు నిల్చున్నట్టు.

చలక కాక
నా చిన్నప్పుడు ఈ అంకెలు లేవు. తట్టెడు మట్టి తీస్తే ఎర్రలు కనబడాలె. కనబడితే మంచిది, లేకుంటే పెంట తోలాలె. అంతే.

పాలెం పీజీ
కాకా, చలకలో వానపాములు వానాకాలంలో తప్ప పైకి రావు, ఏప్రిల్లో వాటి కోసం వెతికితే మంచి నేల కూడా ఫెయిలే. కాలం మారితే కొలత మారడం వాటికీ ఉంది.

నేను ఎమ్మెస్సీ అగ్రికల్చర్, సాయిల్ సైన్స్. థీసిస్ కోసం ఎట్లాగూ శ్వాస, బయోమాస్ రెండూ చేస్తున్నా. బయోమాస్ అంటే మట్టిలో బతికున్న సూక్ష్మజీవుల ఒంట్లో ఉన్న కార్బన్ ఎంతో చూడడం. మునుగోడు అన్నా, మందు వేసిన మూడెకరాల నుంచి, వేయని రెండెకరాల నుంచి ఒకేరోజు మట్టి తీసి పంపితే పెట్టిస్తా. డబ్బు వద్దు, చెట్ల ఫొటోలు పెట్టు చాలు.

జడ్చర్ల పత్తి
ఒక నిమిషం. మందు పనిచేయదని ముందే ఎందుకు నిర్ణయిస్తున్నారు? బెల్లంతో పులిసిన డ్రమ్ములో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. నేల మీదకు పోతే జీవం పెరగకుండా ఎట్లా ఉంటుంది?

పాత పంతులు
లెక్క వేద్దాం పత్తి బాబూ, పలకా బలపం తీసుకో. ఎకరాకు ఒక విడతకు బెల్లం ఎంత?

మునుగోడు బత్తాయి
రెండు కిలోలు సార్. రెండు వందల లీటర్ల నీళ్లలో.

పాత పంతులు
రెండు కిలోల బెల్లంలో కార్బన్ మహా అయితే 0.8 కిలో. మూడు విడతలకు 2.4 కిలోలు. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు. డ్రిప్పు కాబట్టి అందులో అయిదో వంతే తడుస్తుందనుకుందాం, 180 టన్నులు. 2.4 కిలోలను 180 టన్నులకు పంచితే కిలో మట్టికి 13 మిల్లీగ్రాముల కార్బన్. మూడు విడతలదీ కలిపి, ఒక్క చుక్క కూడా వృథా పోలేదనుకుంటే.

ఇప్పుడు రిపోర్టు చూడు. పీపీఎం అంటే కిలోకు మిల్లీగ్రాములే. 16 నుంచి 43 అంటే ఒక్కరోజులో కిలో మట్టి నుంచి 27 మిల్లీగ్రాముల కార్బన్ అదనంగా బయటికొచ్చింది. ఆరు వారాల్లో పోసింది మొత్తం 13, ఒక్కరోజులో పోయింది 27. పైగా పోసినదాంట్లో సగం పైన జులైలోనే శ్వాసగా పోయి ఉంటుంది. మరి మిగతాది ఎక్కడిది? పెంటది, వేర్లది, తడి చోటు మట్టిది.

దేవరకొండ దుబ్బ
పంతులు గారు పలక పగలగొట్టారు.

జడ్చర్ల పత్తి
ప్రైమింగ్ అనేది ఒకటి ఉంది సార్. కొద్దిగా తీపి తగిలితే సూక్ష్మజీవులు లేచి నేలలో ఉన్న పాత కార్బన్ను కూడా తింటాయి. పోసినదానికంటే వచ్చింది ఎక్కువ ఉండొచ్చు.

టైట్రేషన్ అక్క
పత్తి తమ్ముడు చెప్పింది నిజమే, ప్రైమింగ్ ఉంది. కానీ అదే జరిగితే నువ్వు సంతోషపడాల్సిన సంగతి కాదు. చలకలో సేంద్రియ కార్బన్ అరశాతం కూడా ఉండడం కష్టం, ఉన్నదాన్నే తినిపిస్తున్నావని అర్థం. ఇంకా రైజోబియం లాంటివి వేరే కథ. విత్తనానికి పట్టిస్తే కందికో వేరుశనగకో పని చేయొచ్చు. అక్కడ పని వాటి సంఖ్యది కాదు, బుడిపెల్లో చేసే ప్రత్యేకమైన పనిది. ఇక్కడ అమ్మేవాడు చెబుతున్నది మొత్తం జీవం మూడింతలైందని. దానికి మందు వేయని రెండెకరాలే జవాబు చెప్పాలి.

మునుగోడు బత్తాయి
పంపిస్తాను. ఎట్లా తీయాలి?

పాలెం పీజీ
మందు వేసిన వైపు నాలుగు చెట్లు, వేయని వైపు నాలుగు చెట్లు. ఒకే వయసు, ఒకే నేల. డ్రిప్పర్ నుంచి జానెడు దూరం, అన్నిటికీ ఒకే దిక్కున, 15 సెంటీమీటర్ల లోతు. పెంట కుప్ప పడిన చోటు వదిలెయ్యి. ఏ చెట్టు మట్టి ఆ సంచిలోనే, కలపొద్దు. కలిపేస్తే చెట్టుకూ చెట్టుకూ ఎంత తేడా ఉందో తెలియదు, అది తెలియకుంటే రెండు వైపుల తేడాకు అర్థం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, మామూలు మట్టి పరీక్షకు చేసినట్టు నీడలో ఆరబెట్టి పంపొద్దు. బయోమాస్కు తడి మట్టే కావాలి. సంచి మూతి వదులుగా కట్టు, కూల్డ్రింకుల థర్మాకోల్ పెట్టెలో ఐస్ పక్కన పెట్టు, గడ్డకట్టించొద్దు. ఉదయం తీస్తే సాయంత్రానికి చేరాలి. బస్సు పార్సిల్లో టాప్ మీద ఎక్కించావో, దారిలోనే శ్వాస అంతా అయిపోతుంది.

మునుగోడు బత్తాయి
సరే. ఇంకోటి, గట్టు పక్కన రెండు వరుసల్లో మా నాయన కత్తిరించిన కొమ్మలు, ఎండు గడ్డి, ఆకులు పాదుల్లో పరుస్తాడు. చాలా ఏళ్లుగా. అవి మందు వేయని వైపే. అక్కడ నుంచి కూడా తీయాలా?

టైట్రేషన్ అక్క
తియ్యి, విడిగా. నాకు మందు కంటే అదే చూడాలని ఉంది.

మిర్యాల్ వరి
ఐస్ పెట్టెలో మట్టి పెట్టుకుని బస్సెక్కితే కండక్టర్ ఏమంటాడో.

చలక కాక
ఎక్కడో చదివిన, కాటన్ బనియన్ పాతిపెట్టి రెండు నెలలకు తీస్తే ఎంత చిరిగిందో అంత జీవం అని. అది చేయరాదు? ఖర్చు లేదు.

దేవరకొండ దుబ్బ
కాకా నేను చేసిన. బనియన్ మొత్తం మాయం. ఎలాస్టిక్ కూడా లేదు.

పాత పంతులు
చలకలో అది చెదల పని. చెదలు పట్టిన బనియన్తో సూక్ష్మజీవుల లెక్క తీయలేం.

దేవరకొండ దుబ్బ
అవి కూడా జీవమే కదా సార్ :)

పాలెం పీజీ
మునుగోడు అన్న మట్టి అందింది, పని అయింది. రాయడం ఆలస్యమైంది.

శ్వాస ఎట్లా చేశానంటే, తడి మట్టిని రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి వేర్లు ఏరి, అది పట్టగల నీటిలో సగానికి తేమ సరిచేసి, 25 డిగ్రీల దగ్గర వారం ఊరికే ఉంచాను. జల్లెడ పట్టిన కుదుపుకు వచ్చే పొంగు అప్పటికి తగ్గుతుంది. తర్వాత 50 గ్రాములు గాలి చొరని సీసాలో, పక్కన చిన్న బీకరులో 10 మిల్లీలీటర్ల సోడియం హైడ్రాక్సైడ్, 0.5 నార్మల్. ఏడు రోజుల తర్వాత ఆసిడ్తో టైట్రేషన్. మట్టి లేని ఖాళీ సీసాకు 9.6 మిల్లీలీటర్ల ఆసిడ్ పట్టింది, మందు వేసిన ఒక చెట్టు మట్టికి 8.2. తేడా 1.4. అది ఆసిడ్ నార్మాలిటీ 0.5తో, తర్వాత కార్బన్ తుల్యభారం 6తో గుణిస్తే 4.2 మిల్లీగ్రాముల కార్బన్. కిలోకు 84, రోజుకు 12.

సగటులు ఇవి, రోజుకు కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో. మందు వేసిన నాలుగు చెట్లు 12.0. వేయని నాలుగు చెట్లు 11.6. గట్టు పక్క ఆకులు పరిచినవి 13.0. చెట్టుకూ చెట్టుకూ తేడానే మందు వేసిన వైపు 10.6 నుంచి 13.9 దాకా ఉంది, వేయని వైపు 10.2 నుంచి 13.5.

మునుగోడు బత్తాయి
అంటే మందుకు 0.4 తేడా. మూడింతలు ఎక్కడ పోయింది?

జడ్చర్ల పత్తి
సరే, ఒప్పుకున్నా. కానీ నీ లెక్కలో ఆకులు పరిచిన చోటు కూడా 13 మాత్రమే. అక్కడ ఏళ్లుగా ఆకు పడుతోంది. అంటే ఈ శ్వాస టెస్టే దేన్నీ పట్టుకోదన్నమాట. మరి రైతు ఎందుకు చేయించుకోవాలి?

టైట్రేషన్ అక్క
మంచి ప్రశ్న. పీజీ తమ్ముడూ, బయోమాస్ వచ్చిందా? ఇంకా, బేరియం క్లోరైడ్ వేశాకే టైట్రేషన్ చేశావు కదా? అది వేయకుండా ఫినాల్ఫ్తలీన్ రంగు పోయేదాకా చేస్తే పట్టిన కార్బన్లో సగమే తేలుతుంది.

పాలెం పీజీ
వేశాను అక్కా. బయోమాస్ కూడా వచ్చింది. మట్టిని రెండు భాగాలు చేసి ఒక భాగాన్ని క్లోరోఫాం ఆవిరిలో ఒక రోజు ఉంచి అందులోని సూక్ష్మజీవులను చంపి, రెండింటినీ పొటాషియం సల్ఫేట్తో కడిగి కార్బన్ చూశాను. మందు వేసిన వైపు క్లోరోఫాం పెట్టినది 118, పెట్టనిది 78. తేడా 40. చచ్చినవాటి కార్బన్ అంతా కడిగితే రాదు, వచ్చే వాటా 0.38 అని లెక్క, దాంతో భాగిస్తే 105. మందు వేయని వైపు 101. ఆకులు పరిచిన చోట తేడా 72, అంటే 190. కిలోకు మిల్లీగ్రాములు.

మునుగోడు బత్తాయి
105, 101, 190. ఆగండి, ఆకులు పరిచిన చోట దాదాపు రెట్టింపు ఉన్నా శ్వాస మాత్రం ఒకటే ఉందా?

టైట్రేషన్ అక్క
అదే చూడాల్సింది. ఒక చోట పది మంది కూలీలు, ఇంకో చోట ఇరవై మంది. రెండు చోట్లా రోజుకు అంతే అన్నం ఖర్చవుతోంది అనుకో. పది మంది ఉన్న చోట మనిషి ఎక్కువ తింటున్నాడు. మట్టిలో అట్లాగే శ్వాసను బయోమాస్తో భాగిస్తారు. నీ మందు వేసిన మట్టిలో గ్రాము బయోమాస్కు గంటకు 4.8 మిల్లీగ్రాముల కార్బన్ పోతోంది, ఆకులు పరిచిన చోట 2.85. తక్కువ ఉండడమే మేలు సాధారణంగా. తిన్న కార్బన్ కొంత శరీరంగా నిలుస్తోందన్నమాట. ఎక్కువ ఉంటే నిలవకుండా గాలిలో పోతోంది.

పత్తి తమ్ముడి ప్రశ్నకు ఇదే నా జవాబు. శ్వాస ఒక్కటే చూస్తే మూడు చోట్లూ ఒకటే అనిపించింది. బయోమాస్ ఒక్కటే చూసినా చాలావరకు సరిపోయేది. రెండూ కలిపితేనే మందు వైపు మట్టి ఎట్లా బతుకుతోందో తెలిసింది.

పాత పంతులు
ఒక జాగ్రత్త. ఆ నిష్పత్తి ఎక్కువ ఉండడానికి రెండు కారణాలుంటాయి. సూక్ష్మజీవులు ఏదో బాధలో ఉండడం ఒకటి. అప్పుడే కొత్త తిండి పడి, గబగబా పెరుగుతుండడం ఇంకోటి. అంకె రెండింటికీ ఒకటే. వార్డల్, ఘని అనే వాళ్లు 1995లో ఇదే విమర్శ చేశారు. పీజీ తమ్ముడు వారం ఊరికే ఉంచాడు కాబట్టి కొత్త తిండి కారణం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

టైట్రేషన్ అక్క
పంతులు గారితో ఒప్పుకుంటా. అందుకే ఈ ఒక్కసారి లెక్కతో తీర్పు రాయను.

మునుగోడు బత్తాయి
కంపెనీ అతనికి ఈ అంకెలు పంపాను. మీ ల్యాబు వేరు, మా ల్యాబు వేరు, పద్ధతి వేరు అంటున్నాడు.

పాలెం పీజీ
అందులో కొంత నిజముంది అన్నా. అతనిది ఎండబెట్టి తడిపిన 24 గంటల అంకె, నాది నెమ్మదిపడ్డ తడి మట్టి అంకె. రెంటినీ పక్కన పెట్టలేం. బయోమాస్లోనూ అంతే. నేను 0.38తో భాగించాను, యంత్రంతో కార్బన్ కొలిచే ల్యాబులు చాలావరకు 0.45తో భాగిస్తాయి. అదే 40కి వాళ్లకు 105 కాదు, 89 వస్తుంది. మట్టి మారలేదు, భాగించిన అంకె మారింది. అయితే నా పద్ధతిలోనే ఒకేరోజు తీసిన మందు ఉన్నదీ లేనిదీ తేడా చూపలేదు, అక్కడ మాత్రం పద్ధతి వేరు అనే మాట పనికిరాదు. అతని పద్ధతిలోనే కావాలంటే, రెండు వైపులా ఒకేరోజు తీసి అతని ల్యాబులోనే పెట్టించమను.

మునుగోడు బత్తాయి
అది అడిగాను. రేపు ఫోన్ చేస్తా అన్నాడు.

దేవరకొండ దుబ్బ
వాళ్ల రేపు అంటే వచ్చే ఉగాది.

మిర్యాల్ వరి
మరి మా వరి మట్టి ఈ పద్ధతిలో పెట్టించొచ్చా? బురద మట్టి తెచ్చి ఎండబెట్టి తడిపితే 43 కాదు, 100 వస్తుందేమో. నేనూ అమ్ముకుంటా :)

పాలెం పీజీ
వస్తుంది అన్నా, అందుకే వద్దు. నీళ్లు నిలిచిన నేలలోవి గాలి లేకుండా బతికేవి ఎక్కువ, వాటిని ఎండబెట్టి గాలిలో పెడితే కొలిచేది నీ పొలాన్ని కాదు. వరి కోసి నేల ఆరినాక, తర్వాతి దుక్కికి ముందు తీస్తే మాట్లాడుకోవచ్చు.

చలక కాక
నాకు ఒకటి అర్థం కాలె. గవర్నమెంటు ఇచ్చే భూసార కార్డులో ఈ శ్వాస గిట్ల లేదేంది?

పాత పంతులు
2015లో మొదలైన ఆ కార్డులో పన్నెండు అంశాలే. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణాలు, సేంద్రియ కార్బన్. జీవానికి సంబంధించింది సేంద్రియ కార్బన్ ఒక్కటే, అదీ పరోక్షంగా. ఎండబెట్టిన మట్టి పొట్లాలు లక్షల్లో వచ్చే చోట తడి మట్టిని ఐస్ మీద మోసే పరీక్ష పెట్టడం అయ్యే పని కాదు.

టైట్రేషన్ అక్క
మునుగోడు తమ్ముడూ, నీ కార్డులో సేంద్రియ కార్బన్ ఎంతో చూడు. అది 0.42 అనుకుంటే కిలోకు 4,200 మిల్లీగ్రాములు, అందులో 105 అంటే 2.5 శాతం. ఆకులు పరిచిన వరుసకు కార్బన్ వేరేగా చూడాలి. సేంద్రియ కార్బన్ ఏళ్ల తరబడి కదలదు, బయోమాస్ దానికంటే ముందే కదులుతుంది. నాకు దీని మీద నమ్మకం ఉండేది అందుకే.

మునుగోడు బత్తాయి
కార్డు తీసి చూశా. సేంద్రియ కార్బన్ 0.44 అని ఉంది. తోట మొత్తానికి ఒకే కార్డు. అక్కా, మామూలు వరుసల్లో బయోమాస్ తక్కువ ఉండడానికి ఇంకేమైనా కారణం ఉంటుందా? అక్కడ పెంట ప్రతి ఏడూ పడుతుంది కదా.

టైట్రేషన్ అక్క
గడ్డి మందు కొడతారా? బంక తెగులుకు బోర్డో, కాపర్ ఆక్సీక్లోరైడ్ ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు?

మునుగోడు బత్తాయి
గడ్డి మందు ఏడాదికి రెండుసార్లు. గట్టు వరుసల్లో ఆకు ఉంటుంది కాబట్టి కొట్టం. బోర్డో మొదళ్లకు పూస్తాం, పాదుల్లో కూడా పోస్తాం. తోట పెట్టినప్పటి నుంచీ. అది అన్ని వరుసలకూ ఒకటే.

పాలెం పీజీ
బోర్డో, కాపర్ ఆక్సీక్లోరైడ్ రెండిట్లోనూ ఉండేది రాగే. అది మట్టిలో నుంచి పోదు, పేరుకుంటుంది. రాగి ఎక్కువైన నేలల్లో బయోమాస్ తగ్గి, శ్వాస మాత్రం తగ్గకపోవడం చాలా చోట్ల చూశారు. కానీ గట్టు వరుసల్లోనూ పోశారంటే తేడాకు అదొక్కటే కారణం కాలేదు. ఆకులు రాగిని పట్టి ఉంచి కొంత కాపాడి ఉండొచ్చు, ఊహ మాత్రమే.

జడ్చర్ల పత్తి
ఆకు వల్ల తేమ, చల్లదనం. అదే కారణం, రాగి దాకా పోవాల్సిన పని లేదు.

టైట్రేషన్ అక్క
కావచ్చు. అందుకే ఊహలు ఆపి కార్డులో రాగి ఎంతుందో చెప్పమంటున్నా.

మునుగోడు బత్తాయి
రాగి 4.1 అని ఉంది, పక్కన "సరిపడా" అని.

టైట్రేషన్ అక్క
లోపం గీత 0.2. దానికి పైన ఎంతున్నా కార్డు "సరిపడా" అనే అంటుంది, ఎక్కువైందని చెప్పే గీత అందులో లేదు. పైగా ఆ మట్టి ఎక్కడిదో తెలియదు, వరుసల మధ్యదైతే పాదులో ఇంకా ఎక్కువ ఉంటుంది. పాదు మట్టి, గట్టు వరుస పాదు మట్టి, ట్రాక్టర్ దారి మట్టి, మూడూ వేర్వేరుగా రాగికి మాత్రం పెట్టించు. దీనికి ఆరబెట్టిన మట్టి చాలు, ఐస్ పెట్టె అక్కర్లేదు.

మిర్యాల్ వరి
కండక్టర్ బతికిపోయాడు.